26 కిలోల సంచులకు రీఆర్డర్ లెవల్, మినిమం, మాగ్జిమం ఎట్లా పెట్టాలి

ప్రశ్న: మిర్యాలగూడ దగ్గర రైస్ మిల్లుల స్టోరు చూస్తున్న. 26 కిలోల ప్రింటెడ్ సంచులు ఒకసారి అయిపోయి ప్యాకింగ్ ఆగుతది, ఇంకోసారి గోదాంల జాగనే ఉండదు. ఫార్ములాలు బీకాంల చదివిన గానీ ఏ అంకె యాడ పెట్టాల్నో సమజైత లేదు. మినిమం 15,000 అని కార్డు మీద రాసినం, అంతకు రాంగనే ఆర్డర్ పెడుతున్నం. తప్పు ఎక్కడుంది?

జవాబు:

తప్పు మీ చివరి వాక్యంలోనే ఉంది. మినిమం అనేది ఆర్డర్ పెట్టే గీత కాదు. మామూలుగా నడిచే రోజుల్లో కొత్త లారీ గేటు లోపలికి వచ్చేసరికి గోదాంలో ఇంకా మిగిలి ఉండాల్సిన సరుకు అది. ఆర్డర్ పెట్టే గీత దానికి చాలా పైన ఉంటుంది, దాని పేరే రీఆర్డర్ లెవల్. రోజుకు 1,200 సంచులు పోయే మిల్లులో 15,000 అంటే పన్నెండున్నర రోజుల సరుకు. ఆర్డర్ పెట్టాక సంచులు రావడానికి 14 రోజులు పడితే, అంతా సవ్యంగా నడిచినా ఒకటిన్నర రోజు ప్యాకింగ్ ఆగుతుంది. ఇక ఆలస్యమైతే చెప్పనక్కర లేదు.

మీ మిల్లు అంకెలు మీ రిజిస్టర్‌లో ఉంటాయి. లెక్క నడవడానికి ఇక్కడ కొన్ని అంకెలు తీసుకుంటాను, వాటి స్థానంలో మీవి పెట్టుకోండి. వాడకం రోజుకు మామూలుగా 1,200, ఎక్కువలో ఎక్కువ 1,800, తక్కువలో తక్కువ 600. లీడ్ టైమ్ మామూలుగా 14 రోజులు, ఎక్కువ అయితే 18, తక్కువ అయితే 10. ఒక్కో ఆర్డర్ 20,000 సంచులు, అంటే బేలుకు 500 చొప్పున 40 బేళ్లు.

ఫార్ములాల కంటే ముందు ఈ అంకెలు ఎట్లా తీయాలో చెప్పాలి, ఎందుకంటే చాలా స్టోర్లలో గుణకారం సరిగ్గానే ఉంటుంది, గుణించిన అంకెలే తప్పు.

వాడకాన్ని అమ్మకం బిల్లుల నుంచి తీయకండి. కుట్టు దగ్గర చిరిగినవి, ప్రింట్ తప్పి పక్కన పడేసినవి, హమాలీలు దించేటప్పుడు పగిలి మళ్లీ నింపినవి బిల్లులో కనిపించవు. స్టోరు నుంచి ఇష్యూ చేసిన లెక్కే అసలు వాడకం. మీకు రెండు మూడు బ్రాండ్లు ఉంటే ఒక్కో డిజైన్‌కు వేరే లెక్క వేయాలి. మొత్తం సంచులు 40,000 ఉన్నాయని ధీమాగా ఉంటే, నడిచే బ్రాండు సున్నాకు వచ్చి నడవని బ్రాండు గుట్టగా మిగులుతుంది. సర్కారు ధాన్యం మరాడించి ఇచ్చే బియ్యానికి వాడే గోనె సంచులనూ ఈ లెక్కలో కలపొద్దు, వాటి రాకపోకలు పూర్తిగా వేరు.

ఎక్కువ వాడకం అన్నప్పుడు అందరూ చేసే పొరపాటు, రిజిస్టర్‌లో అన్నిటికంటే పెద్ద రోజును వెతికి పట్టుకోవడం. ఏదో ఒక రోజు రెండు షిఫ్టులు నడిపి 2,400 సంచులు నింపి ఉంటారు. ఆ జోరు వరసగా 18 రోజులు ఉండదు. మనం కాపాడుకోవాల్సింది ఒక రోజును కాదు, ఆర్డర్ పెట్టి ఎదురుచూసే కాలం మొత్తాన్ని. అందుకని వరసగా వచ్చే ఏ 18 రోజుల్లో అన్నిటికంటే ఎక్కువ సంచులు పోయాయో చూసి, ఆ మొత్తాన్ని 18తో భాగించండి. ఇక్కడి 1,800 అట్లా వచ్చిందే. 2,400 పట్టుకొని లెక్కేస్తే రీఆర్డర్ లెవల్ 43,200కు పోతుంది. అక్కరలేని 10,800 సంచులు, అంటే 21కి పైగా బేళ్లు, ఏడాది పొడుగునా గోదాంలో కూర్చుంటాయి. మీకు జాగ చాలకపోవడానికి ఇదీ ఒక కారణం కావచ్చు. తక్కువ వాడకం కూడా ఇట్లాగే: మిల్లు మూతపడ్డ ఒక రోజును చూసి సున్నా అని పెట్టకుండా, వరసగా ఏ 10 రోజుల్లో అన్నిటికంటే తక్కువ పోయాయో చూడండి.

ఇక లీడ్ టైమ్. ప్రింటింగ్ యూనిట్ వాళ్లు ఫోన్లో చెప్పే "పది రోజుల్లో పంపుతం" లీడ్ టైమ్ కాదు. సరుకు రీఆర్డర్ లెవల్‌ను తాకిన రోజున గడియారం మొదలవుతుంది, కొత్త సంచులు లెక్కపెట్టి, కుట్టు చూసి, ఇష్యూకు సిద్ధమైన రోజున ఆగుతుంది. ఈ మధ్యలో సేటు గారు ఊళ్లో లేక సంతకం ఆగిన రోజులు, అడ్వాన్స్ పంపడంలో జాగు, డిజైన్ ప్రూఫ్ చూసి ఒప్పుకోవడం, ప్రింటింగ్, హైదరాబాద్ నుంచి లారీ, దించడం, తనిఖీ, అన్నీ కలుస్తాయి. గడిచిన పది పన్నెండు ఆర్డర్లకు ఈ రెండు తేదీలు పక్కపక్కన రాయండి. మొదటి తేదీ ఆర్డర్ కాగితం మీద ఉండదు, స్టాక్ రిజిస్టర్‌లో వెతకాలి. ఆ రెండు తేదీల మధ్య తేడాలే మీ 10, 14, 18.

ఇంకొక మెలిక. లీడ్ టైమ్‌ను క్యాలెండర్ రోజుల్లో లెక్కపెట్టి, వాడకాన్ని మిల్లు నడిచిన రోజుల సగటుతో తీస్తే రెండూ కలవవు. వారానికి ఒక రోజు సెలవున్న మిల్లులో 18 క్యాలెండర్ రోజుల్లో మిల్లు నడిచేది 15, 16 రోజులే. రెండింటినీ క్యాలెండర్ రోజుల మీదే తీయండి, సెలవు రోజును సున్నా వాడకంగా కలుపుకొని.

ఇప్పుడు గుణకారం. రీఆర్డర్ లెవల్ అంటే ఎక్కువ వాడకాన్ని ఎక్కువ లీడ్ టైమ్‌తో గుణించడం: 1,800 × 18 = 32,400. వాడకం పెరిగి, సరుకూ ఆలస్యమై, రెండు కష్టాలూ ఒకేసారి వచ్చినా సంచులు సున్నాకు చేరే రోజున లారీ వస్తుంది. కోతల సీజన్లో ఈ రెండూ ఒకేసారి రావడం మామూలే, ఎందుకంటే మీకు పని పెరిగిన వారమే చుట్టుపక్కల మిల్లులన్నిటికీ పెరుగుతుంది, అందరూ అవే ప్రింటింగ్ యూనిట్ల మీద పడతారు. అందుకే సంచుల విషయంలో ఈ ఫార్ములా అతి జాగ్రత్త అని నేననను.

మినిమం అంటే రీఆర్డర్ లెవల్ నుంచి, మామూలు వాడకం ఇంటూ మామూలు లీడ్ టైమ్ తీసేయడం: 32,400 − (1,200 × 14) = 32,400 − 16,800 = 15,600. మీరు కార్డు మీద రాసిన 15,000 దీనికి దగ్గరగానే ఉంది చూడండి. అంటే అంకె చెడ్డది కాదు, దానితో చేయించుకున్న పని తప్పు. మినిమం కింద ఉన్న సరుకును ముట్టుకోకూడదని కూడా కొందరు అనుకుంటారు. అదీ కాదు. లారీ ఆలస్యమైనప్పుడు, వాడకం పెరిగినప్పుడు వాడుకోవడానికే అది ఉన్నది.

మాగ్జిమం అంటే రీఆర్డర్ లెవల్‌కు ఆర్డర్ పరిమాణం కలిపి, తక్కువ వాడకం ఇంటూ తక్కువ లీడ్ టైమ్ తీసేయడం: 32,400 + 20,000 − (600 × 10) = 46,400. ఆర్డర్ పెట్టాక మిల్లు మందగించి, సంచులేమో తొందరగా వచ్చేస్తే గోదాంలో పేరుకునే సరుకు ఇది. దాదాపు 93 బేళ్లు. సంచి 12 రూపాయలు అనుకుంటే 5,56,800 రూపాయలు. ఇది చేరుకోవాల్సిన లక్ష్యం కాదు. దీన్ని దాటిందంటే ఏదో జరిగిందని అర్థం: ఒకే ఆర్డర్ రెండుసార్లు పోయి ఉంటుంది, లేదా అమ్మకం పడిపోయినా పాత లెవల్స్‌తోనే కొంటూ ఉంటారు.

ఎక్సెల్‌లో పెట్టుకోవాలంటే B2, B3, B4లో ఎక్కువ, మామూలు, తక్కువ వాడకాలు, B5, B6, B7లో అదే వరసలో లీడ్ టైమ్‌లు, B8లో ఆర్డర్ పరిమాణం వేయండి. కింది మూడు వరసగా B10, B11, B12లో రాయండి.

```
=B2*B5
=B10-B3*B6
=B10+B8-B4*B7
```

ఇంతవరకు పుస్తకంలో ఉన్నదే. సంచులు అయిపోయే అసలు చోటు ఇప్పుడు వస్తుంది, దీన్ని నిదానంగా చదవండి.

రీఆర్డర్ లెవల్ 32,400, ఆర్డర్ మాత్రం 20,000. అంటే ఒక ఆర్డర్ దారిలో ఉండగానే ఇంకొకటి పెట్టాల్సిన పరిస్థితి వస్తుంది. సీజన్ ఊపులో రోజుకు 1,800 పోతున్నాయి, లీడ్ టైమ్ 18 రోజులకు సాగింది అనుకోండి. మొదటి రోజు చేతిలో 32,400 ఉన్నప్పుడు ఆర్డర్ పెట్టారు. 18వ రోజుకు సంచులు సున్నా, సరిగ్గా అప్పుడే 20,000 దిగాయి. చూస్తే 32,400 కంటే తక్కువే ఉన్నాయి, వెంటనే రెండో ఆర్డర్ పెట్టారు. అది వచ్చేది 36వ రోజున. చేతిలో ఉన్న 20,000 మాత్రం 29వ రోజుకే అయిపోతాయి. వారం రోజులు సంచి లేదు. లెవల్ సరిగ్గా పెట్టినా, చెప్పిన రోజే ఆర్డర్ పెట్టినా ఆగిపోయింది.

దీనికి మందు ఒక్కటే. రీఆర్డర్ లెవల్‌తో పోల్చాల్సింది గోదాంలో ఉన్న సంచులను కాదు, గోదాంలో ఉన్నవి, ఆర్డర్ పెట్టి ఇంకా రావాల్సినవి కలిపిన మొత్తాన్ని. అదే ఉదాహరణ మళ్లీ చూడండి. మొదటి రోజు ఆర్డర్ పెట్టగానే మొత్తం 52,400. 11 రోజులకు 20,000 పోయి మొత్తం మళ్లీ 32,400కు వచ్చింది. గోదాంలో అప్పటికి 12,400 ఉన్నాయి, దారిలో 20,000 ఉన్నాయి. రెండో ఆర్డర్ పెట్టాల్సింది ఆ రోజే. అప్పుడు మొదటి లారీ 18వ రోజున, రెండోది 29వ రోజున వస్తుంది, మొదటి లారీ సంచులు అయిపోయే రోజూ 29వదే. ఎంత చెడ్డ కాలంలోనూ ఒక్క పూట ఆగదు.

దీన్నే తిరగేసిన తప్పు కూడా ఉంది. గోదాంలో ఉన్నదాన్ని మాత్రమే చూసే గుమస్తా, ఆర్డర్ పెట్టిన మర్నాడు కార్డు చూసి ఇంకా 32,400 కింద ఉందని మళ్లీ ఆర్డర్ పెడతాడు. రెండు లారీలు కలిసి వచ్చి వరండాలో దించాల్సి వస్తుంది. మీరు చెప్పిన రెండు బాధలూ, అయిపోవడమూ జాగ లేకపోవడమూ, ఈ ఒక్క లోపం నుంచే రాగలవు. కాబట్టి బిన్ కార్డు మీద వచ్చినవి, పోయినవి, నిల్వ అనే మూడు గళ్ల పక్కన "రావాల్సినవి", "మొత్తం" అని ఇంకో రెండు గళ్లు గీయించండి. టాలీ వాడుతుంటే Reorder Status రిపోర్ట్ రావాల్సిన ఆర్డర్లను కూడా కలుపుకొనే చూపిస్తుంది, కానీ పర్చేజ్ ఆర్డర్‌ను టాలీలో ఎక్కిస్తేనే. ఫోన్లో చెప్పేసి, బిల్లు వచ్చాక నేరుగా పర్చేజ్ ఎంట్రీ వేసే అలవాటు ఉన్నచోట ఆ గడి ఎప్పుడూ ఖాళీగానే ఉంటుంది.

జాగ గురించి. మీ గోదాంలో 70 బేళ్లే పడతాయి, అంటే 35,000, మాగ్జిమం మాత్రం 46,400 వచ్చింది అనుకుందాం. చాలామంది వెంటనే రీఆర్డర్ లెవల్‌ను 20,000కు కోసేస్తారు. అది చేయొద్దు, మళ్లీ సంచులు అయిపోయే దారి అదే. ముందు లీడ్ టైమ్‌లో కొవ్వు ఎక్కడుందో చూడండి. ఆ 18 రోజుల్లో మూడు రోజులు సంతకానికీ అడ్వాన్స్‌కూ పోతుంటే, సీజన్ నెలలకు ముందే అనుమతి తీసిపెట్టుకుంటే 15కు దిగుతుంది. రీఆర్డర్ లెవల్ 1,800 × 15 = 27,000 అవుతుంది. ఒక్క సంతకం జాగు వల్ల 5,400 సంచులు, 64,800 రూపాయల సరుకు అదనంగా మోస్తున్నారన్న మాట. సేటు గారికి ఈ అంకె చూపిస్తే మాట తొందరగా తెగుతుంది. మినిమం కూడా 10,200కు దిగుతుంది, మాగ్జిమం 41,000.

ఇంకా 6,000 ఎక్కువే ఉంది. ఇప్పుడు ఆర్డర్ పరిమాణం దగ్గరికి రండి. ప్రింటింగ్ యూనిట్ ఒక డిజైన్‌కు 20,000 కంటే తక్కువ వేయనంటే, 20,000 ప్రింట్ చేసి రెండు విడతలుగా పంపమనండి, రెండో 10,000 మనం చెప్పినప్పుడే పంపాలి. అప్పుడు మాగ్జిమం 27,000 + 10,000 − 6,000 = 31,000, గోదాంలో పడుతుంది. షరతు ఒకటుంది: రెండో విడతకు తేదీ పెట్టొద్దు. "వారం తర్వాత పంపండి" అని రాసిస్తే, మందంగా నడిచే వారంలో 4,200 మాత్రమే పోయి, దాని మీద 10,000 వచ్చి పడి 36,800కు చేరుతుంది. చేతిలో ఉన్నవి 21,000కు దిగాకే ఫోన్ చేయండి. యూనిట్‌లో ఉన్న ఆ రెండో విడత మీ కార్డు మీద "రావాల్సినవి" గడిలోనే ఉండాలి.

మాగ్జిమంకు జాగ, డబ్బు కాక ఇంకో హద్దు ఉంది, అది సంచి మీద ఉన్న ప్రింటే. 2022 జూలై 18 నుంచి 25 కిలోల వరకు ప్యాక్ చేసి లేబుల్ వేసిన బియ్యానికి 5 శాతం జీఎస్టీ వచ్చింది. దాంతో చాలా మిల్లులు 26 కిలోలకు మారాయి. మీ సంచులు 26 కిలోలవి కావడానికి కారణం అదే. 25 కిలోల ప్రింటుతో ఉన్న నిల్వ ఎన్ని రోజుల సరుకో అంత ఇబ్బంది ఆరోజు ఎదురైంది. అందుకని మాగ్జిమంను రోజుల్లోకి మార్చి చూసుకోండి: 46,400 ను 1,200తో భాగిస్తే దాదాపు 39 రోజులు. లేబుల్ మీద ఏదైనా మారబోతోందని తెలిస్తే, అప్పటికి ఆ 39 రోజుల సరుకు కరిగేలా ఆర్డర్లు ముందే ఆపాలి. ఎండ కూడా ఈ సంచికి శత్రువే. ప్లాస్టిక్ అల్లిక ఎండకు పెళుసెక్కి నింపేటప్పుడే చినుగుతుంది, కాబట్టి జాగ లేక బయట రేకుల కింద పెట్టిన బేళ్లను నిల్వగా నమ్మకండి.

ఏడాది అంతటికీ ఒకే లెవల్స్ పెట్టడం మన దగ్గర కుదరదు. పైన వేసిన లెక్క వానాకాలం కోతలకు, అంటే అక్టోబరు చివర నుంచి ధాన్యం దిగే నెలలకు. పని తగ్గిన నెలల్లో వాడకం 200, 500, 800 మధ్య, లీడ్ టైమ్ 8, 11, 14 రోజులు అనుకుంటే రీఆర్డర్ లెవల్ 800 × 14 = 11,200 చాలు. మినిమం 11,200 − 5,500 = 5,700. మాగ్జిమం, అదే 20,000 ఆర్డర్‌తో, 11,200 + 20,000 − 1,600 = 29,600. కార్డు మీద రెండు సెట్లూ రాసి పెట్టండి, ఏది ఏ తేదీ నుంచో కూడా రాయండి.

ఆ తేదీ ఎట్లా పెట్టాలన్నది ముఖ్యం. ధాన్యం లారీలు మొదలైన రోజున కార్డు మార్చితే ఆలస్యమైపోయినట్టే, ఎందుకంటే ఆ రోజు గోదాంలో 11,200 దగ్గర ఉండి, 32,400 కావాల్సి ఉంటుంది. ఆ తేడా రావడానికి మళ్లీ 18 రోజులు. జోరు మొదలయ్యే రోజు నుంచి ఎక్కువ లీడ్ టైమ్ అంత వెనక్కి వచ్చి మార్చాలి. అక్టోబరు 20న జోరు అందుకుంటుందనుకుంటే అక్టోబరు 2 నాటికే కొత్త లెవల్ అమలులో ఉండాలి, తేడాను పూడ్చే ఆర్డర్ కూడా అప్పుడే పోవాలి. ఆ మొదటి ఆర్డర్ ఒక్కటి మామూలు 20,000 కంటే పెద్దది కావచ్చు. తగ్గించేటప్పుడూ ఇంతే: సీజన్ అయిపోయాక కాదు, అయిపోవడానికి రెండు వారాల ముందే కింది సెట్‌కు దిగండి, లేకపోతే చివరి లారీ అమ్మకం పడిపోయాక వస్తుంది. ఇక సాగర్ ఎడమ కాలువకు నీళ్లు వదలని యాసంగిలో పోయినేటి ఏప్రిల్, మే వాడకం అంకెలు పనికి రావు. నాట్లు ఎన్ని పడ్డాయో తెలిసిన వెంటనే ఆ సీజన్ ఎక్కువ వాడకాన్ని తగ్గించి మళ్లీ లెక్క వేయాలి.

అన్నీ పెట్టాక సరిగ్గా ఉన్నాయో లేదో తెలుసుకోవడానికి ఒక గుర్తు. ప్రతి లారీ దిగే ముందు గోదాంలో ఎన్ని సంచులు ఉన్నాయో కార్డు వెనక రాయండి. ఐదారు లారీల తర్వాత చూస్తే ఆ అంకెలు మినిమం చుట్టూ, కొన్ని పైన కొన్ని కింద ఉండాలి. ప్రతిసారీ 25,000 దగ్గర ఉంటే మీ ఎక్కువ వాడకమో ఎక్కువ లీడ్ టైమో పెంచి రాశారు, లేదా అవి పాతబడ్డాయి. వరసగా రెండుసార్లు 5,000 కిందికి పోతే, సంచులు ఇంకా అయిపోకపోయినా, వాడకం పెరిగిందా లీడ్ టైమ్ పెరిగిందా అని వెంటనే విడదీసి చూడండి. వాడకం పెరిగితే లెవల్ పెంచాలి. లీడ్ టైమ్ పెరిగితే ముందు యూనిట్‌తో మాట్లాడి కారణం తెలుసుకోవాలి.

ఇంత చేసినా ఒక్కోసారి కిందికి జారుతుంది కాబట్టి, కార్డు మీద ఎర్ర సిరాతో నాలుగో గీత ఒకటి ఉండాలి. ఊళ్లోనే సాదా సంచులు కొని స్టెన్సిల్ వేయించుకోవడానికి 3 రోజులు పడితే మామూలు వాడకానికి 1,200 × 3 = 3,600, జోరు మీద ఉన్న రోజుల్లో అయితే 1,800 × 3 = 5,400. నిల్వ అక్కడికి రాగానే మామూలు ఆర్డర్ వస్తుందని ఎదురుచూడకుండా సాదా సంచులు తెప్పించేయాలి. ఈ ఒక్క గీతను మాత్రం గోదాంలో చేతికి అందే సంచులతోనే పోల్చాలి, రావాల్సినవి కలపకుండా.